బీడీ, సిగరెట్ మానేశాక నిద్ర పట్టకపోతే: మొదటి నెల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం, కర్నూలు, కడప వైపు బీడీ, సిగరెట్ మానేసినవాళ్లతో మాట్లాడటం నా పని. మొదటి రెండు వారాల్లో వాళ్లు ఎక్కువగా అడిగేది దగ్గు గురించో ఆకలి గురించో కాదు, నిద్ర గురించి. మానేసినవాళ్లు మళ్లీ ముట్టించే గంట కూడా చాలాసార్లు అర్ధరాత్రి దాటాకే వస్తుంది. అందుకే ఈ ఒక్క విషయం మీదే వచ్చే ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టాను. ప్రశ్నలను అడిగినవాళ్ల మాటల్లోనే ఉంచాను.

"మానేసి మూడు దినాలైంది సార్. అప్పట్నుంచి నిద్దర సరిగ్గా పట్టల్యా. ఇది మామూలేనా?"

మామూలే. నికోటిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలవదు. సుమారు రెండు గంటలకొకసారి రక్తంలో దాని మోతాదు సగానికి పడిపోతుంది. రోజూ పాతిక బీడీలు కాల్చే మనిషి మెదడు గంటగంటకీ వచ్చే నికోటిన్‌కు అలవాటుపడి, దాన్ని లెక్కలో వేసుకునే పని చేస్తుంటుంది. అది ఒక్కసారిగా ఆగిపోతే మెదడు సర్దుకోవడానికి కొంత సమయం పడుతుంది. ఆ సర్దుబాటు జరిగే రోజుల్లోనే చిరాకు, ఏకాగ్రత లేకపోవడం, ఆకలి, నిద్ర చెడటం అన్నీ కలిసి వస్తాయి.

మానేసిన 24 గంటల్లోపే ఇవి మొదలవుతాయి. మొదటి వారంలో, ముఖ్యంగా రెండో రోజు, మూడో రోజు బాగా ఎక్కువగా ఉంటాయి. ఆ తర్వాత మెల్లగా దిగుతూ మూడు నాలుగు వారాలకు చాలామందిలో సద్దుమణుగుతాయి. పడుకోగానే నిద్ర రాకపోవడం కంటే, వచ్చిన నిద్ర ముక్కలు ముక్కలు కావడమే ఎక్కువమంది చెప్పే బాధ. పదింటికి పడుకుంటారు, పన్నెండుకు ఒకసారి, రెండుకు ఒకసారి, నాలుగుకు ఒకసారి లేస్తారు. పొద్దున్నే ఒళ్లంతా పిండేసినట్టు ఉంటుంది.

"పండుకునే ముందర ఒక బీడీ తాగితేనే నాకు నిద్దర వచ్చేది. అంటే నా ఒంటికి అది అవసరమే కదా?"

ఈ ప్రశ్నకు జవాబు సరిగ్గా అర్థమైతే మొదటి వారం సగం గడిచినట్టే. నికోటిన్ నిద్ర పుచ్చే పదార్థం కాదు, మేలుకొలిపేది. గుండె వేగం పెంచుతుంది, రక్తపోటు పెంచుతుంది. పొగతాగేవాళ్లకు నిద్ర పట్టడానికి తాగనివాళ్లకంటే ఎక్కువసేపు పడుతుంది, గాఢనిద్ర కూడా తక్కువే ఉంటుంది.

మరి ఆ చివరి బీడీకి ప్రాణం కుదుటపడినట్టు ఎందుకుండేది? మీరు మాపటేల అన్నం తిని, టీవీ ముందు కూర్చుని, గంటో గంటన్నరో బీడీ లేకుండా గడిపి ఉంటారు. అప్పటికే నికోటిన్ తగ్గి లోపల గిలి మొదలై ఉంటుంది. బీడీ ఆ గిలిని ఆర్పింది, అంతే. ఆ గిలిని పుట్టించిందీ అంతకుముందు తాగిన బీడీయే. బీడీ లేని నెల గడిచాక ఆ గిలి ఉండదు కాబట్టి, దాన్ని ఆర్పే అవసరమూ ఉండదు.

"టీ ఎప్పుడూ తాగేంతే తాగుతాండా. ఇన్నేండ్లు టీ తాగి కూడా బాగా నిద్రపోయినోణ్ణి. ఇప్పుడెందుకు నిద్దర రాదు?"

ఇది దాదాపు ఎవరూ ముందుగా చెప్పని సంగతి. నా లెక్కలో మొదటి నెలలో అన్నిటికంటే తేలిగ్గా సరిచేసుకోగలిగిందీ ఇదే.

టీలో, కాఫీలో ఉండే కెఫీన్‌ను లివర్ కరిగించి బయటికి పంపుతుంది. పొగలో ఉండే కొన్ని రసాయనాలు ఆ పని చేసే ఎంజైమ్‌ను బాగా పెంచేస్తాయి. అందుకే పొగతాగే మనిషి ఒంట్లోంచి కెఫీన్ త్వరగా వెళ్లిపోతుంది. రోజుకు ఎనిమిది టీలు తాగినా రాత్రికి పెద్దగా మిగలదు. పొగ మానేశాక కొన్ని రోజుల్లోనే ఆ ఎంజైమ్ మామూలు స్థాయికి దిగిపోతుంది. టీలు అవే ఎనిమిది ఉంటాయి, కానీ ఒంట్లో కెఫీన్ ఇంతకుముందుకంటే దాదాపు రెట్టింపు నిలుస్తుంది. నిద్ర పట్టకపోవడం, గుండె దడ, చేతుల వణుకు, ఊరికే ఆదుర్దా అన్నీ ఎక్కువవుతాయి. మనిషేమో ఇదంతా బీడీ మానినందుకే అనుకుంటాడు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి బస్తాలు మోసే హమాలీ అన్న, నలభై దాటిన వయసు, రోజుకు పాతిక బీడీలు. తెల్లవారుజామున మొదలుపెట్టి రాత్రి ఎనిమిదిన్నర దాకా చిన్న గ్లాసుతో ఎనిమిది టీలు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 150 మిల్లీలీటర్ల టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. హోటల్ గ్లాసు అందులో సగమే ఉంటుంది కాబట్టి గ్లాసుకు 15 నుంచి 30 అనుకోండి. మొత్తం మీద అదే సంస్థ చెప్పే రోజుకు 300 మిల్లీగ్రాముల హద్దు దాటడం లేదు. కాబట్టి "నేను టీ ఎక్కువ తాగను" అని ఆయన అనడంలో తప్పేం లేదు.

కానీ గంటల లెక్క చూడండి. బీడీలు తాగే రోజుల్లో ఆయన ఒంట్లో కెఫీన్ సగం కావడానికి సుమారు మూడు గంటలు పట్టేది. సాయంత్రం ఐదింటికి తాగిన టీలో రాత్రి పదకొండుకు పావు వంతే మిగిలేది. మానేశాక అదే సగం కావడానికి ఐదారు గంటలు పడుతుంది. ఐదింటి టీలో పదకొండుకు సగం ఇంకా రక్తంలోనే ఉంటుంది. ఏడింటిది, ఎనిమిదిన్నరది వీటి మీద చేరతాయి. సోమవారం బీడీ మానిన మనిషికి మొదటి రెండు రాత్రులు నికోటిన్ లేక మెలకువలు వచ్చాయి. గురువారం, శుక్రవారం నాటికి అవి తగ్గాల్సింది పోయి, పడుకున్నాక ఒంటిగంట దాకా కన్ను మూతపడలేదు. ఆ రెండో భాగం టీది. గుర్తుపట్టేది కూడా అట్లే: మెలకువలు తగ్గుతూ, పడుకోగానే నిద్ర రాకపోవడం పెరుగుతూ, గుండె దడ ఉంటే ముందు టీ మీద అనుమానపడండి.

"అయితే టీ మొత్తం ఒక్కసారే బందు పెట్టల్లనా?"

వద్దు. కెఫీన్‌ను ఒక్కసారిగా ఆపితే దానికి వేరే బాధ ఉంది: తలనొప్పి, నీరసం, చిరాకు. బీడీ మానిన బాధకు ఇదీ తోడైతే తట్టుకోవడం కష్టం. సగం చేయండి, చివరి గ్లాసును ముందుకు జరపండి. పైన చెప్పిన అన్న విషయంలో ఎనిమిదిని నాలుగు చేసి, ఆఖరిది మధ్యాహ్నం రెండింటికల్లా అయిపోయేట్టు చూస్తే చాలు. నాలుగైదు రాత్రుల్లో తేడా తెలుస్తుంది. కాఫీ తాగేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే కాఫీలో కెఫీన్ ఎక్కువ. కూల్‌డ్రింకుల్లో నల్లగా ఉండేవాటిని, డ్రైవర్లు రాత్రిపూట తాగే ఎనర్జీ డ్రింకులను కూడా ఈ లెక్కలోనే వేసుకోండి.

టీ బంకు దగ్గర ఊరికే నిలబడటం కష్టమని చాలామంది చెబుతారు. నిజమే, అక్కడే బీడీ కూడా ఉంటుంది. సాయంత్రం టీ స్థానంలో మజ్జిగో, నిమ్మకాయ నీళ్లో, అల్లం మరిగించిన నీళ్లో తాగుతూ, ఆ పదిహేను నిమిషాలు వేరేచోట కూర్చోండి. గ్లాసు చేతిలో ఉంటేనే తృప్తి అనేవాళ్లు టీపొడి లేకుండా పాలు, శొంఠి వేసి తాగినా ఇబ్బంది లేదు.

"నేను పొగ కాదు, ఖైనీ మానేసినా. నాకూ ఇదేనా?"

నికోటిన్ సంగతి అదే, టీ సంగతి మాత్రం వేరు. లివర్‌లో ఆ ఎంజైమ్‌ను పెంచేది పొగ, నికోటిన్ కాదు. కాబట్టి ఖైనీ, గుట్కా మాత్రమే వాడి మానేసినవాళ్లకు కెఫీన్ రెట్టింపయ్యే సమస్య రాదు. నికోటిన్ గమ్, ప్యాచ్ వాడుతూ పొగ మానినవాళ్లకు మాత్రం వస్తుంది, ఎందుకంటే వాళ్లకు నికోటిన్ అందుతున్నా పొగ ఆగిపోయింది.

ఖైనీ వాడేవాళ్లలో ఇంకొకటి ఉంది. దవడలో పెట్టుకుని అట్లే నిద్రపోయే అలవాటు. అంటే వాళ్ల మెదడుకు రాత్రంతా ఎంతో కొంత నికోటిన్ అందుతూ ఉండేది. వాళ్లకు మొదటి వారం రాత్రులు బీడీ మానినవాళ్లకంటే కష్టంగా ఉండొచ్చు. పండ్లు తోముకుని, దవడలో ఒక లవంగం పెట్టుకుని కాసేపుంచి, పడుకునే ముందు ఉమ్మేయండి. నోట్లో ఏదో ఒకటి పెట్టుకుని నిద్రపోయే అలవాటునే మార్చాలి కాబట్టి, లవంగంతో నిద్రపోకూడదు. గుట్కాలో పొగాకుతోపాటు వక్క కూడా ఉంటుంది, వక్క కూడా అలవాటు చేసే పదార్థమే. "పొగాకు లేదు కదా" అని పాన్‌మసాలాకు మారితే సగమే మానినట్టు.

"రేత్రి రెండింటికి మెలకువ వస్తాంది. మళ్లీ నిద్దర రాదు. బీడీ మీదికే మనసు పోతాంది. అప్పుడు ఏం చేయల్ల?"

మొదట గడియారం, ఫోను చూడకండి. "రెండైంది, ఇంకా నాలుగ్గంటలే ఉంది" అనే లెక్క మొదలైతే నిద్ర దూరమవుతుంది. ఇరవై నిమిషాలు గడిచిందని అనిపించేదాకా కదలకుండా పడుకోండి. అప్పటికీ నిద్ర రాకపోతే పరుపు మీద పొర్లుతూ ఉండొద్దు, లేవండి. వేరే గదిలోనో వరండాలోనో తక్కువ వెలుతురులో కూర్చోండి. నీళ్లు తాగండి. మనసును పట్టి ఉంచే పని కాకుండా, చేతులకు చిన్న పని ఏదైనా ఇవ్వండి: పప్పు ఏరడం, బట్టలు మడవడం, జపమాల తిప్పడం. ఆవలింతలు వచ్చి కళ్లు బరువెక్కాకే మళ్లీ పరుపు మీదికి వెళ్లండి. నిద్ర రాకపోతే మళ్లీ ఇదే. పరుపు మీద మేలుకుని ఉండటానికి మెదడు అలవాటుపడకూడదనేదే ఇందులో ఉద్దేశం.

రెండోది, ఎంత తక్కువ నిద్రపోయినా పొద్దున లేచే టైము మార్చకండి. ఐదున్నరకు లేచే మనిషి రాత్రి రెండు గంటలే పడుకున్నా ఐదున్నరకే లేవాలి. అట్లా లేస్తేనే మరుసటి రాత్రికి నిద్ర బాకీ పెరిగి త్వరగా నిద్ర పడుతుంది. ఆదివారం తొమ్మిదింటిదాకా పడుకుంటే ఆ రాత్రి మళ్లీ మొదటికొస్తుంది. పగలు ఇక కూర్చోలేనంతగా ఉంటే మధ్యాహ్నం మూడు లోపల ఇరవై నిమిషాలు కునుకు తీయండి, అంతకు మించొద్దు.

మనసు బీడీ మీదికి పోయే విషయానికొస్తే, ఆ తపన వచ్చినప్పుడు సాధారణంగా కొన్ని నిమిషాల్లో దాని తీవ్రత తగ్గిపోతుంది. పగలు ఆ కొన్ని నిమిషాలు ఏదో పనిలో గడిచిపోతాయి, రాత్రి మాత్రం చాలా పొడవుగా అనిపిస్తాయి. ఇంట్లో కట్ట లేకపోవడం ఇక్కడే పనికొస్తుంది. రెండింటికి మా ఊళ్లలో ఏ అంగడీ తెరిచి ఉండదు. మానే రోజుకు ముందే చొక్కా జేబులు, బండి డిక్కీ, గూట్లో అగ్గిపెట్టె వెనక అన్నీ వెతికి ఖాళీ చేయమని చెప్పేది అందుకే.

"ఆ టైములో ఒకే ఒక్క బీడీ తాగి పండుకుంటే ఏమైతాది?"

పది నిమిషాలు హాయిగా ఉంటుంది, నిద్ర కూడా పట్టొచ్చు. నష్టం మరుసటి రాత్రి కనిపిస్తుంది. రెండింటికి లేస్తే బీడీ దొరుకుతుందని మెదడు నేర్చుకుంటుంది, మళ్లీ రెండింటికే లేపుతుంది. తాగేసి ఉంటే మాత్రం అంతా పోయిందని పొద్దున కొత్త కట్ట కొనకండి. మానిన రోజుల్లోనే ఉన్నట్టు లెక్క పెట్టి, సాయంత్రం టీ సంగతి ఒకసారి చూసుకోండి.

"ఎండాకాలం మానేసినా. ఉడుకుకే నిద్దర రాదు, దానికి తోడు ఇది."

మన వైపు ఏప్రిల్, మే నెలల్లో పగలు 40 డిగ్రీలు దాటుతుంది, మిద్దె స్లాబు ఆ వేడిని రాత్రి పదకొండు దాకా వదులుతూనే ఉంటుంది. మంచి నిద్ర పట్టాలంటే ఒళ్లు కాస్త చల్లబడాలి. పడుకునే గంట ముందు స్నానం చేయండి. మాపటేల మిద్దె మీద నీళ్లు చల్లి, వేడి దిగాక మంచమో చాపో వేసుకుని పైన పడుకోవడం మనకు కొత్త కాదు. ఒకే జాగ్రత్త: మీరు రోజూ రాత్రి చివరి బీడీ కాల్చింది ఆ మిద్దె పిట్టగోడ దగ్గరే అయితే, మొదటి రెండు వారాలు పరుపు వేరే వైపు వేసుకోండి, ఇంట్లోవాళ్లు ఎవరైనా పక్కనుండేట్టు చూసుకోండి. రాత్రి భోజనం పడుకునేదానికి రెండు మూడు గంటల ముందే ముగించండి. మానేశాక ఆకలి పెరుగుతుంది కాబట్టి తొమ్మిదిన్నరకు రెండు ముద్దల సంగటి, మాంసం కూర తిని పడుకుంటే కడుపులో మంటకే మెలకువ వస్తుంది.

"కలలు వస్తాండాయి. మామూలువి కాదు, సినిమా మాదిరి. ఇంట్లోవాళ్లు గాలి సోకిందంటాండారు."

గాలి కాదు. కలలు ఎక్కువగా వచ్చే నిద్ర దశ ఒకటి ఉంది, అది తెల్లవారుజామున ఎక్కువసేపు ఉంటుంది. నికోటిన్ ఆ దశ మీద పని చేస్తుంది. నికోటిన్ ఆగిపోయినప్పుడు కొన్నాళ్లు ఆ దశ తీరు మారుతుంది. దీనికి తోడు నిద్ర మధ్యలో పదేపదే తెగుతోంది కదా, కల మధ్యలో మెలకువ వస్తే ఆ కల పూర్తిగా గుర్తుంటుంది. ఇంతకుముందూ కలలు వచ్చేవి, పొద్దున్నకు మర్చిపోయేవారు. ఇప్పుడు రంగులతో, మాటలతో సహా గుర్తుంటున్నాయి.

పెద్దవాళ్లు భయపడి గుడికో దర్గాకో తీసుకుపోతే వెళ్లండి, మనశ్శాంతి కలిగితే మంచిదే. కానీ "బీడీ మానినందుకే ఇదంతా, మళ్లీ తాగు" అనే సలహా ఎవరిచ్చినా వినొద్దు. ఈ కలలు రోగం కాదు. నిద్ర అతుక్కునేకొద్దీ అవీ తగ్గుతాయి.

"కలలో బీడీ తాగేసినా. లేచి ఏడ్చినంత పనైంది."

ఇది చాలామందికి వస్తుంది. 1991లో లండన్ పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనంలో, మానేసి ఉన్నవాళ్లలో మూడింట ఒకవంతు మంది మొదటి నాలుగు వారాల్లో కనీసం ఒకసారి ఇలాంటి కల కన్నారు. ఆ కల తీరు కూడా ఒకేలా ఉంటుంది: ఆలోచన లేకుండా ముట్టించేస్తారు, సగం తాగాక "నేను మానేశాను కదా" అని గుర్తొస్తుంది, గుండె గుభేలుమంటుంది. లేచాక నోట్లో పొగ రుచి కూడా ఉన్నట్టే అనిపిస్తుంది. నాకు బాగా నచ్చిన సంగతి ఏమిటంటే, అలాంటి కలలు వచ్చినవాళ్లే మానడంలో ఎక్కువగా నిలబడ్డారని ఆ పరిశోధనలో తేలింది. కలలో తాగితే ఒంట్లోకి నికోటిన్ రాలేదు, మానిన రోజుల లెక్క చెడలేదు. లేచి నోరు కడుక్కుని, పక్కనున్నవాళ్లకు ఆ కల చెప్పేయండి. ఈ ఒక్క రకం కల మాత్రం నెలల తర్వాత కూడా అప్పుడప్పుడు వస్తుంది, దానికి బెదరొద్దు.

"డాక్టర్ నికోటిన్ ప్యాచ్ ఇచ్చినారు. అది పెట్టుకున్నప్పటి నుంచే కలలు ఎక్కువైనాయి."

ప్యాచ్ రాత్రంతా ఒంటి మీద ఉంటే నిద్రలో కూడా నికోటిన్ అందుతుంది. బీడీ తాగే రోజుల్లో రాత్రి నికోటిన్ తగ్గిపోయేది, ఇప్పుడు తగ్గడం లేదు. అందుకే కలలు మరీ స్పష్టంగా వస్తాయి. దీనికి మందు చాలా తేలిక: పడుకునే ముందు ప్యాచ్ తీసేయండి, పొద్దున లేవగానే కొత్తది వేసుకోండి. తీసినదాన్ని జిగురు లోపలికి వచ్చేట్టు మడిచి, పిల్లలకు అందకుండా పారేయండి. అందులో నికోటిన్ ఇంకా మిగిలే ఉంటుంది.

ఇందులో ఒక చిక్కుంది. పొద్దున కొత్త ప్యాచ్ పూర్తిగా పనిచేయడానికి కొన్ని గంటలు పడుతుంది. లేవగానే మొదటి బీడీ కోసం తపించేవాళ్లకు ఆ సమయం గడవడం కష్టం. వాళ్లు డాక్టర్‌ను అడిగి ఆ రెండు మూడు గంటలకు నికోటిన్ గమ్ వాడుకోవచ్చు. ప్యాచ్ తీసేసినా రెండు మూడు రాత్రుల తర్వాత కూడా కలలు అలాగే ఉంటే, కారణం ప్యాచ్ కాదని అర్థం. అప్పుడు మళ్లీ 24 గంటలు ఉంచుకోవచ్చు.

ఎండాకాలం చెమటకు ప్యాచ్ ఊడిపోయి, మధ్యాహ్నం నుంచి నికోటిన్ అందక రాత్రి నిద్ర చెడినవాళ్లు కూడా ఉన్నారు. చొక్కా విప్పినప్పుడు ఒకసారి చూసుకోండి. జుట్టు లేని చోట, నూనె రాయకుండా, ఆరిన చర్మం మీద అరచేత్తో గట్టిగా నొక్కి పెట్టండి. రోజూ చోటు మార్చండి.

"మరి నికోటిన్ గమ్ రాత్రి నమలొచ్చా?"

పడుకునేదానికి గంట ముందు ఆపేయండి. రాత్రి మెలకువ వచ్చినప్పుడు నమలడం అలవాటు చేసుకోవద్దు, అది రెండింటి బీడీలాంటిదే. నమలడం అంటే చూయింగ్‌గమ్‌లా కాదు. ఘాటు తగిలేదాకా నాలుగైదుసార్లు నమిలి దవడలో పక్కన పెట్టాలి, ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. టీ, కాఫీ, కూల్‌డ్రింక్ తాగిన పావుగంట లోపల నమిలితే నికోటిన్ సరిగ్గా ఎక్కదు.

"మాత్రలు ఇచ్చినారు. వాటితో నిద్దర పోతుందా?"

పొగ మానడానికి ఇచ్చే మాత్రల్లో రెండు రకాలు ఎక్కువగా వాడతారు, రెండూ డాక్టర్ చీటీ మీదే. వరెనిక్లిన్‌తో వికారం, విపరీతమైన కలలు రావొచ్చు. రోజుకు రెండుసార్లు వేసుకునేవాళ్లు రెండోదాన్ని పడుకునే ముందు కాకుండా సాయంత్రం భోజనంతో, నిండు గ్లాసు నీళ్లతో వేసుకుంటే కొంత మేలు. అప్పటికీ నిద్ర కుదరకపోతే డాక్టర్ రాత్రి మోతాదు తగ్గిస్తారు, మీరే ఆపేయకండి. బ్యుప్రోపియాన్ అయితే నిద్రనే తగ్గించే మందు. రెండు మోతాదుల మధ్య కనీసం 8 గంటలుండాలి, రెండోది సాయంత్రం పొద్దుపోకముందే అయిపోవాలి. మూర్ఛ వచ్చినవాళ్లు బ్యుప్రోపియాన్ వాడకూడదు, డాక్టర్‌కు ఆ సంగతి తప్పకుండా చెప్పండి.

"మెడికల్ షాపులో నిద్రమాత్ర అడిగి తెచ్చుకుందామా? లేకుంటే రొంత మందు తాగి పండుకుంటే?"

రెండూ వద్దు. షాపులో అడిగితే తరచూ చేతికొచ్చేది ఆల్‌ప్రజోలాం రకం మాత్ర. రోజూ వేసుకుంటే అదీ అలవాటవుతుంది. నాలుగు వారాల్లో తగ్గే ఇబ్బందికి నెలల తరబడి వదలని ఇంకో ఇబ్బంది తెచ్చుకున్నట్టవుతుంది. మద్యం త్వరగా నిద్ర పట్టిస్తుంది, కానీ తెల్లవారుజామున అది దిగేటప్పుడు మెలకువలు, కలలు మరింత పెరుగుతాయి. పైగా మళ్లీ బీడీ ముట్టించేవాళ్లలో చాలామంది మందు గ్లాసు చేతిలో ఉన్నప్పుడే ముట్టిస్తారు.

రోజూ ఎక్కువగా తాగేవాళ్లు బీడీతోపాటు మద్యం కూడా ఒకే రోజు మానేస్తే, అప్పుడు వచ్చే నిద్రలేమిని నేను పైన చెప్పినదాంతో కలపకండి. చేతులు బాగా వణకడం, చెమటలు, లేనివి కనిపించడం, ఫిట్స్ మొదటి రెండు మూడు రోజుల్లో రావొచ్చు. అది ఇంట్లో చూసుకునేది కాదు, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. మద్యం మానాలనుకుంటే ముందే డాక్టర్‌తో మాట్లాడి మొదలుపెట్టండి.

"నేను లారీ డ్రైవర్ని. రేత్రి బండి నడపాలంటే బీడీనే ఆధారం."

మానే రోజును లోడు లేని రోజుల్లో, ఇంటి దగ్గర ఉండే వారంలో పెట్టుకోండి. మొదటి వారం నిద్ర తక్కువగా ఉంటుంది, ఏకాగ్రత కూడా తగ్గుతుంది. ఆ స్థితిలో అర్ధరాత్రి దాటాక 44వ నంబరు జాతీయ రహదారి మీద కర్నూలు, గుత్తి, అనంతపురం మీదుగా బెంగళూరుకు బండి తోలడం ప్రమాదం. తప్పదంటే, రెండు గంటల నుంచి ఐదు గంటల మధ్య బండి పక్కన ఆపి పడుకునేట్టు ఓనర్‌తో ముందే మాట్లాడుకోండి. రెప్పలు వాలినప్పుడు కిటికీ దించడం, పాటలు పెట్టడం పనిచేయవు. బండి ఆపి ఇరవై నిమిషాలు పడుకోవడమే పనిచేస్తుంది. డ్రైవర్లకు టీ మొత్తం తగ్గించమని నేను చెప్పను. డ్యూటీ మొదట్లో తాగండి, పడుకోబోయే ఎనిమిది గంటల ముందు ఆపండి. మీరు పడుకునేది పగలైతే ఆ లెక్క పగటికి వేసుకోండి.

"ఎప్పుడు డాక్టర్ దగ్గరికి పోవాల?"

కొందరు మానే రోజుకు ముందే చెప్పాలి. ఆయాసానికి థియోఫిలిన్ ఉన్న మాత్రలు వాడేవాళ్లు, మానసిక వైద్యుడు ఇచ్చిన క్లోజపిన్, ఓలాంజపిన్ వాడేవాళ్లు ఇందులో ముఖ్యులు. కెఫీన్‌కు జరిగిందే ఈ మందులకూ జరుగుతుంది. పొగ ఆగగానే అదే మాత్ర ఒంట్లో ఎక్కువ మోతాదులో నిలుస్తుంది. థియోఫిలిన్ ఎక్కువైతే దడ, వాంతులు, నిద్రలేమి వస్తాయి. డాక్టర్ మోతాదు తగ్గించాల్సి రావొచ్చు. మీ అంతట మీరు మాత్ర ఆపకండి, బీడీ మానుతున్నానని వాళ్లకు చెప్పండి చాలు.

మిగతావాళ్లు నాలుగు వారాలు దాటినా వారానికి మూడు రాత్రులకు తక్కువ కాకుండా నిద్ర చెడుతూ, పగలు పని చేయలేకపోతుంటే వెళ్లండి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి గురక వస్తోందని ఇంట్లోవాళ్లు చెబితే వెళ్లండి. అది పొగ మానినందుకు వచ్చేది కాదు, ముందునుంచే ఉండి ఇప్పుడు తెలిసి ఉంటుంది. కలలో చేతులు కాళ్లు విసిరి పక్కవాళ్లకు దెబ్బలు తగిలితే వెళ్లండి. రెండు వారాలైనా మనసు బాగా కుంగిపోయి ఉంటే, బతకాలని లేదనిపిస్తే ఆగొద్దు. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ వాళ్లు తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు.

పొగ మానడం గురించే మాట్లాడాలంటే జాతీయ పొగాకు క్విట్‌లైన్ నంబరు 1800-11-2356, ఇదీ ఉచితమే. కర్నూలు, అనంతపురం, కడపల్లో మెడికల్ కాలేజీలకు అనుబంధంగా ఉన్న ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులకు వెళ్లినప్పుడు ఓపీ చీటీ దగ్గర మానసిక వైద్య విభాగం అని అడగండి. వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద వారం రోజులది రాసుకుపోండి: ఎన్ని గంటలకు పడుకున్నారు, ఎన్నిసార్లు లేచారు, ఆఖరి టీ ఎన్నింటికి తాగారు, ప్యాచ్ ఎప్పుడు తీశారు. ఆ కాగితం చూస్తే డాక్టర్‌కు మిమ్మల్ని అడగాల్సిన ప్రశ్నలు సగం తగ్గిపోతాయి.